“బీయింగ్ ఎ హాలిడే” అని మొదలుపెడితే తప్పెందుకు అవుతోంది?

కర్నూలు_కుర్రాడు:
ఎస్ఎస్‌సీ సీజీఎల్‌కి ప్రిపేర్ అవుతున్నాను. తప్పు ఏ భాగంలో ఉందో గుర్తించే ప్రశ్నల్లో ఈ వాక్యం వచ్చింది: “బీయింగ్ ఎ హాలిడే, ద షాప్స్ వర్ క్లోజ్డ్.” మొదటి భాగంలోనే తప్పు, “ఇట్ బీయింగ్ ఎ హాలిడే” అని ఉండాలి అని కీలో ఇచ్చారు. కారణం రాయలేదు. దాని కిందే “బీయింగ్ టైర్డ్, వి వెంట్ టు బెడ్ ఎర్లీ” అనే వాక్యం ఉంది, దానికి తప్పు లేదన్నారు. నాకు రెండూ ఒకే అచ్చులో కనిపిస్తున్నాయి. తేడా ఎక్కడుంది?

శ్రీలత_వరంగల్:
చాలా ఈజీ తమ్ముడూ. కామా తర్వాత మనిషి వస్తే కరెక్ట్, వస్తువు వస్తే తప్పు. షాపులు వస్తువులు కాబట్టి ముందు ఇట్ పెట్టాలి. “వి” అంటే మనుషులు కాబట్టి అక్కర్లేదు. ఈ లెక్కతో నాకు మాక్ టెస్టుల్లో చాలా మార్కులు వచ్చాయి.

రిటైర్డ్_ఇంగ్లీష్_మాస్టారు:
శ్రీలత గారూ, మీ లెక్కతో కొన్ని ప్రశ్నలు దాటేస్తారు గానీ అది ఎక్కువ దూరం రాదమ్మా. “బీయింగ్ ఎ సండే, ఐ గాట్ అప్ లేట్” చూడండి. కామా తర్వాత మనిషే ఉన్నాడు, అయినా తప్పే. “బీయింగ్ హెవీ, ద బాక్స్ కుడ్ నాట్ బి లిఫ్టెడ్” చూడండి. అక్కడున్నది వస్తువు, వాక్యం మాత్రం చక్కగా ఉంది.

చూడాల్సింది మనిషా వస్తువా అని కాదు. ముందు ముక్కలో కర్త లేదు కదా, ఆ ఖాళీలో ప్రధాన వాక్యం కర్తను కూర్చోబెట్టి చదవాలి. అలసిపోయింది ఎవరు? మేము. పడుకున్నది ఎవరు? మేమే. సరిపోయింది. బరువుగా ఉన్నది పెట్టె, ఎత్తలేకపోయింది ఆ పెట్టెనే. అదీ సరిపోయింది. ఇప్పుడు సెలవు వాక్యం చదవండి: సెలవు అయినది ఏది? ఇంగ్లీషు లెక్కలో “షాపులు” అనే జవాబు వస్తుంది. షాపులు సెలవు కావు, ఆ రోజు సెలవు. అలాగే ఆదివారం వాక్యంలో “నేనే ఆదివారం” అన్నట్టు అవుతుంది. అందుకే రోజును చెప్పడానికి ముందు ముక్కకు సొంతంగా ఒక ఇట్ కావాలి.

బెజవాడ_బాబు:
అసలు తప్పు “వర్ క్లోజ్డ్”లో ఉందనుకుంటా. షాపులు “క్లోజ్డ్” అంటే చాలు కదా, మధ్యలో “వర్” ఎందుకు?

రిటైర్డ్_ఇంగ్లీష్_మాస్టారు:
కాదు బాబూ, అది బాగానే ఉంది. షాపులు మూసి ఉన్నాయి అనే స్థితిని చెబుతోంది. ఇక్కడి ప్రశ్న ముందు ముక్క గురించే.

కర్నూలు_కుర్రాడు:
మాస్టారూ, అర్థమైంది. కానీ రాసేటప్పుడు నాకు ఈ తప్పు తప్పులా కనబడదు. చదివితే బాగానే ఉన్నట్టు ఉంటుంది.

రిటైర్డ్_ఇంగ్లీష్_మాస్టారు:
తెలుగులో అది నిజంగానే బాగుంటుంది నాయనా, అందుకే. “సెలవు కావడంతో షాపులు మూసేశారు” అంటాం. సెలవు అయింది ఏమిటో చెప్పం, మూసింది ఎవరో కూడా చెప్పం. “వాన పడి రోడ్డు కొట్టుకుపోయింది” అంటాం. పడింది వాన, కొట్టుకుపోయింది రోడ్డు, అయినా ఎవరూ తప్పు పట్టరు. ఒకటి రెండోదానికి కారణమైతే కర్తలు వేరైనా తెలుగు ఒప్పుకుంటుంది. కారణం లేనిచోట మనకూ కుదరదు. “నేను అన్నం తిని వాడు వెళ్ళాడు” అంటే మీ అమ్మమ్మ కూడా ఆగి, ఏమన్నావురా అని అడుగుతుంది.

పైగా “ఇవాళ ఆదివారం” అని ఊరుకుంటాం. ఇంగ్లీషువాళ్ళు అక్కడ ఏ అర్థమూ లేని ఇట్ ఒకటి పెడతారు. రోజు, టైము, వాతావరణం, దూరం చెప్పే చోట ఈ ఇట్ మనకు తట్టదు. ముప్పాతిక తప్పులు ఈ నాలుగు చోట్లే చూశాను నా క్లాసుల్లో.

స్టోర్స్_సెక్షన్_పద్మ:
మా ఆఫీసులో జరిగింది చెబుతాను. ఒక సీనియర్ సెలవు మీద వెళుతూ మెయిల్ పెట్టారు: “బీయింగ్ ఆన్ లీవ్ టిల్ ఫ్రైడే, ప్లీజ్ హ్యాండ్ ఓవర్ ద స్టాక్ రిజిస్టర్ టు ద స్టోర్‌కీపర్.” అందుకున్న అమ్మాయి కొత్తగా చేరింది. “నేను సెలవు పెట్టలేదండీ, నా పేరు మీద ఎవరైనా అప్లై చేశారా?” అని టెన్షన్ పడుతూ నా దగ్గరకొచ్చింది. రిజిస్టర్ ఆ పూటంతా ఆమె టేబుల్ మీదే ఉండిపోయింది. నాకు మెయిల్ చదివితే అర్థమైంది గానీ ఆమెది తప్పనలేకపోయాను.

రిటైర్డ్_ఇంగ్లీష్_మాస్టారు:
ఆమె చదివిందే సరైన పద్ధతి పద్మ గారూ. “ప్లీజ్ హ్యాండ్ ఓవర్” అన్నాక చేయాల్సింది “మీరు”. కాబట్టి ముందు ముక్కలో సెలవులో ఉన్నదీ మీరే అవుతారు. “యాజ్ ఐ యామ్ ఆన్ లీవ్ టిల్ ఫ్రైడే” అని మొదలుపెడితే ఏ గొడవా ఉండేది కాదు. “ఐ బీయింగ్ ఆన్ లీవ్” అన్నా వ్యాకరణం ఒప్పుకుంటుంది గానీ మెయిల్‌లో బిగుసుకుపోయినట్టుంటుంది.

మన పిల్లలు బళ్ళో రాసే సెలవు చీటీ “యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్” అనే మొదలవుతుంది. అది నిక్షేపంగా ఉంటుంది. పెద్దయ్యాక స్టయిల్ కోసం దాన్ని “సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్, కైండ్లీ గ్రాంట్ మి లీవ్” అని కుదిస్తారు. అప్పుడు జ్వరం హెడ్మాస్టరుకు వచ్చినట్టు అవుతుంది. సందేహం ఉంటే యాజ్ తోనో సిన్స్ తోనో పూర్తి వాక్యం రాయండి.

శ్రీలత_వరంగల్:
సరే, నా లెక్క వదిలేస్తున్నా. అయితే బీయింగ్ అని ఎక్కడ కనిపించినా ముందు ఇట్ తగిలించేస్తే సేఫ్ కదా?

రిటైర్డ్_ఇంగ్లీష్_మాస్టారు:
వద్దమ్మా. “ఇట్ బీయింగ్ టైర్డ్, వి వెంట్ టు బెడ్” అంటే అలసిపోయిన ఆ ఇట్ ఎవరు? పైగా “బస్సు లేకపోవడంతో నడిచాం” అనాలంటే ఇట్ కూడా పనికిరాదు, “దేర్ బీయింగ్ నో బస్, వి వాక్‌డ్” అనాలి. ఉండటం, లేకపోవడం చెప్పేటప్పుడు దేర్.

హైదరాబాద్_సబ్‌ఎడిటర్:
ఒక మాట కలుపుతాను. మా డెస్క్‌లో బీయింగ్ కంటే హ్యావింగ్ ఎక్కువ దెబ్బ కొడుతుంది. “హ్యావింగ్ చెక్‌డ్ ద బిల్స్, ద అమౌంట్ వాజ్ పెయిడ్” లాంటివి ప్రెస్ నోట్లలో బోలెడు. చెల్లించింది ఎవరో దాచేశాక, బిల్లులు చూసింది ఆ డబ్బే అన్నట్టు తయారవుతుంది. “ద ఆఫీస్ పెయిడ్ ద అమౌంట్” అని మారిస్తే ముందు ముక్క ముట్టుకోకుండానే సరిపోతుంది. చేసినవాళ్ళ పేరు చెప్పడం ఇష్టం లేకపోతే “ద బిల్స్ హ్యావింగ్ బీన్ చెక్‌డ్” అంటాం.

అయితే అన్నిటినీ కొట్టెయ్యకండి. “కన్సిడరింగ్ హిజ్ ఏజ్, ద స్కోర్ ఈజ్ గుడ్” అంటే పరిగణించింది స్కోరా అని ఎవరూ అడగరు. కన్సిడరింగ్, రిగార్డింగ్ లాంటివి ఎప్పుడో ఆ బంధం తెంచుకుని మామూలు ప్రిపొజిషన్లలా తిరుగుతున్నాయి. బీయింగ్‌కి ఆ హోదా రాలేదు.

కర్నూలు_కుర్రాడు:
మరి ఇది? “బీయింగ్ ఎ సండే, ఇట్ వాజ్ హార్డ్ టు ఫైండ్ ఎ డాక్టర్.” కామా తర్వాత ఇట్ ఉంది కదా, ఒప్పేనా?

హైదరాబాద్_సబ్‌ఎడిటర్:
నేనైతే వదిలేస్తాను. చదివేవాడు ఎక్కడా తడబడడు.

రిటైర్డ్_ఇంగ్లీష్_మాస్టారు:
నేను వదలను. ఆ ఇట్ రోజు కాదు, “డాక్టర్ దొరకడం” అనే పని. ఆదివారం అయినది ఆ పని కాదు కదా. మాటల్లో వింటే పట్టించుకోను, పేపర్లో మాత్రం “ఇట్ బీయింగ్ ఎ సండే” అనే దిద్దుతాను.

హైదరాబాద్_సబ్‌ఎడిటర్:
అంత లోతుగా ఎవరు చూస్తారు మాస్టారూ? నాకింకా అది తప్పనిపించడం లేదు.

కర్నూలు_కుర్రాడు:
పాత పేపర్లలో ఇలాంటిది వచ్చిందేమో వెతికి, కీలో ఏమిచ్చారో రేపు ఇక్కడే పెడతాను.