చర్చ: అమ్మతో కలిసి మలయాళ సినిమాలు చూడాలి: డబ్బింగా, సబ్‌టైటిళ్ళా?

చిత్తూరు చిన్నోడు:
'ఉమామహేశ్వర ఉగ్రరూపస్య' చూసిన తరువాత దాని మూలం 'మహేషింటె ప్రతికారం' (2016) వెతికి చూశాను. అప్పటినుండి మలయాళ సినిమాల మీద ఆసక్తి పెరిగింది. మా అమ్మకు ఇంగ్లీషు చదవడం రాదు, తెలుగు సబ్‌టైటిళ్ళు నాకు అరుదుగానే దొరుకుతున్నాయి. మంచి సినిమాలను మీరు ఏ విధంగా ఎంచుకుంటారు? అమ్మతో చూసేటప్పుడు తెలుగు డబ్బింగ్ పెట్టడం మంచిదా, లేక అసలు భాషలో చూస్తూ నేను చదివి చెప్పడం మంచిదా?

అటక మీద రీలు:
మీరు ఒక రీమేక్ నుండి మూలానికి వెళ్ళారు కదా, అదే దారిలో మరొక అడుగు వేసి రచయిత పేరు పట్టుకోండి. 'మహేషింటె ప్రతికారం' రాసిన శ్యామ్ పుష్కరనే 'కుంబళంగి నైట్స్' (2019), 'జోజి' (2021) కూడా రాశారు. దర్శకుడు దిలీష్ పోతన్ పేరుతో వెతికితే 'తొండిముతలుం దృక్‌సాక్షియుం' (2017) కనిపిస్తుంది. నటుణ్ణి నమ్ముకుని వెళితే నాలుగు సినిమాలలో మూడు నిరాశపరుస్తాయి, రచయితను నమ్ముకుని వెళ్ళిన నాకు అంతటి నష్టం ఎన్నడూ కలగలేదు. భాష సంగతికి వస్తే, డబ్బింగ్ చూడటం అంటే సినిమాను సగమే చూడటం.

విజయవాడ వేణు:
ఇంత శ్రమ అవసరం లేదు. కేరళ రాష్ట్ర అవార్డుల జాబితా తెరిచి వరుసగా చూసుకుంటూ పోతే సరిపోతుంది.

అటక మీద రీలు:
ఆ జాబితాలో ఉన్నవన్నీ మనకు చూడటానికి దొరుకుతాయా, వేణు గారూ? పైగా తీర్పరులకు నచ్చినది ఇంట్లో అమ్మతో కూర్చుని చూడటానికి అనువైనదే అవుతుందన్న నమ్మకం ఏమిటి?

పెదవి కదలిక:
సగమే చూడటం అన్నమాట నాకు నచ్చలేదు. నేను పదకొండేళ్ళుగా డబ్బింగ్ మాటలు రాస్తున్నాను. మలయాళంలో "చేట్టా", "చేచ్చీ", "అళియా" అని పిలుచుకుంటారు. ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళలో వీటికి చాలాసార్లు ఒట్టి పేరో, "బ్రో" అన్న మాటో కనిపిస్తుంది. తెలుగులో అన్నా, అక్కా, బావా అన్నవి సహజంగా కుదురుతాయి. "అళియన్" అంటే బావమరిది కూడా, స్నేహితుణ్ణి పిలిచే పిలుపు కూడా. మన "బావా" ఆ రెండు పనులూ చేస్తుంది. ఎవరు ఎవరికి ఎంత దగ్గరో, ఎవరు అలిగి "నువ్వు" మాని "మీరు" అన్నారో ఇంగ్లీషు అక్షరాలలో మీకు ఎప్పటికీ కనిపించదు. కాబట్టి పొరుగు భాషల సినిమాలకు తెలుగు డబ్బింగే మూలానికి దగ్గర.

నిర్మల, వరంగల్:
పిలుపుల సంగతి ఒప్పుకుంటాను. అయితే మీ డబ్బింగులో మనుషులు "నాకు నీళ్ళు అవసరం" అని ఎందుకు మాట్లాడతారో చెప్పండి. ఏ తెలుగు ఇంట్లో అలా అడుగుతారు?

పెదవి కదలిక:
ఇది చాలామందికి తెలియని సంగతి కనుక వివరంగా చెబుతాను. మలయాళంలో "వెళ్ళం వేణం" అంటారు. రెండు మాటలూ పెదవులు మూసుకుని ముగుస్తాయి. మనం "నీళ్ళు కావాలి" అంటే నోరు తెరిచే ఉంటుంది. దూరపు షాటులో అయితే నిరభ్యంతరంగా "కావాలి" అనే రాస్తాను, కానీ ముఖం తెర నిండా ఉన్నప్పుడు పెదవులు మూతపడిన చోట "లి" వినిపిస్తే ప్రేక్షకుడికి ఏదో తేడా తెలిసిపోతుంది. అప్పుడు సున్నాతో ముగిసే మాట కోసం వెతుకుతాం. "అవసరం" అలా వచ్చి పడుతుంది. మన మాటలు ఎక్కువగా అచ్చులతో ముగుస్తాయి, సున్నాతో ముగిసేవి ఎక్కువగా సంస్కృతం నుండి వచ్చినవి. డబ్బింగ్ భాష పుస్తకంలా వినిపించడానికి అది ఒక ప్రధాన కారణం.

నిర్మల, వరంగల్:
అంటే పెదవుల కోసం చెవులను బలి ఇస్తున్నారన్నమాట. పెదవి తేడాను నేను రెండు నిమిషాలలో మరిచిపోతాను, "అవసరం" మాత్రం సినిమా అంతా చెవిలో గుచ్చుకుంటుంది. ఇంకొకటి. త్రిశూర్ యాస, కాసరగోడ్ యాస, కొచ్చి యాస అన్నింటినీ ఒకే తెలుగులోకి దించుతారు. యాస ఎప్పుడైనా వినిపించిందంటే అది తాగుబోతుకో, దొంగకో మా తెలంగాణ మాట పెట్టినప్పుడే.

పెదవి కదలిక:
నేను అలా ఎన్నడూ రాయలేదు. అందరినీ ఒకే గాటన కట్టకండి.

నిర్మల, వరంగల్:
మీరు రాయకపోవచ్చు. నేను విన్నాను.

బే ఏరియా బాబాయి:
పోట్లాట మధ్యలో నా సమస్య వినండి. నా దగ్గర ఉన్న పాత సినిమా డిస్కుకు విడిగా దింపుకున్న సబ్‌టైటిల్ ఫైలు కుదరడం లేదు. VLC లో G, H మీటలు నొక్కి సరిచేస్తే పది నిమిషాలకు మళ్ళీ తప్పుతోంది.

అటక మీద రీలు:
ఆ మీటలు అక్షరాలను ఒక్కో నొక్కుకు 50 మిల్లీసెకన్లు ముందుకో వెనక్కో జరుపుతాయి, అంతే. మొదటి ఐదు నిమిషాలలో ఉన్న తేడా, గంట దగ్గర ఉన్న తేడా పోల్చి చూడండి. రెండూ ఒకటే అయితే మీటలు చాలు. తేడా పెరుగుతూ పోతే మీ ఫైలు వేరే వేగపు ప్రతికి చేసినదై ఉంటుంది. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున రెండు గంటలు నడిచే సినిమా 25 ఫ్రేముల వేగంలో సుమారు 115 నిమిషాలకే అయిపోతుంది. అటువంటప్పుడు జరపడం దండగ, సరిపోయే వేరే ఫైలు వెతుక్కోండి.

చిత్తూరు చిన్నోడు గారూ, తెలుగు అక్షరాలు దొరికినప్పుడు మీరు కూడా ఒకటి గమనించండి. భాష పేరు పక్కన [CC] అని ఉంటే అది చాలాసార్లు డబ్బింగ్ మాటలకు రాసిన పాఠం. మలయాళంలో వింటూ దాన్ని చదివితే, మనిషి రెండు ముక్కలు అంటే కింద రెండు పంక్తులు పడతాయి. తలుపు చప్పుడు, వాన చప్పుడు కూడా రాసి ఉంటే అదే ఇది అని అనుమానించవచ్చు.

విజయవాడ వేణు:
ఇంత చూసుకునే ఓపిక ఉన్నవారు మలయాళమే నేర్చుకోవచ్చు కదా.

అటక మీద రీలు:
డబ్బింగ్ వాదులు 'నన్‌పకల్ నేరత్తు మయక్కం' ఏమవుతుందో చెప్పాలి. వేళాంకణ్ణి నుండి తిరిగి వస్తున్న కేరళ యాత్రికుల బస్సులో జేమ్స్ అనే మనిషి నిద్ర లేచి, దారిలో ఒక తమిళ పల్లెలో దిగి, ఎవరిదో ఇంట్లోకి నడిచి వెళ్ళి, రెండేళ్ళ క్రితం కనిపించకుండా పోయిన సుందరంలా ప్రవర్తిస్తాడు. అంతవరకు మలయాళం మాట్లాడినవాడు తమిళం మొదలుపెడతాడు. కథ అంతా ఆ మార్పులోనే ఉంది. రెండు భాషలనూ తెలుగు చేస్తే అక్కడ మిగిలేది ఏమిటి?

పెదవి కదలిక:
అది ప్రత్యేకమైన సినిమా. అటువంటి చోట తమిళాన్ని అలాగే ఉంచి మలయాళాన్ని మాత్రమే తెలుగు చేయమని నేనైతే అడుగుతాను. వింటారా లేదా అన్నది నా చేతిలో ఉండదు.

చిత్తూరు చిన్నోడు:
నిన్న రాత్రి ఆ సినిమానే మలయాళంలో పెట్టి, ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళను నేను తెలుగులో చెబుతూ అమ్మతో చూశాను. మొదటి అరగంట ఇద్దరికీ చిరాకు వేసింది. నేను ఒక వాక్యం చెప్పేలోపు తెర మీద మూడు జరిగిపోతున్నాయి. అతడు ఆ ఇంట్లోకి వెళ్ళాక నేను చెప్పబోతే, "నువ్వు ఉండరా, ఇతను తమిళం మాట్లాడుతున్నాడు, నాకు అర్థమవుతోంది" అని అమ్మ నన్ను ఆపేసింది. మాది చిత్తూరు కదా, ఆమెకు చదవడం రాకపోయినా వినికిడి తమిళం వచ్చు. అక్కడినుండి పల్లెవాళ్ళ మాటలు ఆమే నాకు చెప్పింది. కింద అక్షరాలలో లేని ఎత్తిపొడుపులు కూడా చెప్పింది.

నిర్మల, వరంగల్:
మరి 'కుంబళంగి నైట్స్' సంగతి ఏమిటి? అందులో అమ్మకు ఆ సాయం ఉండదు.

చిత్తూరు చిన్నోడు:
దానికి డబ్బింగే పెడతాను. "అవసరం" ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టి చెబుతాను.

పెదవి కదలిక:
ముఖం దగ్గరగా ఉన్నప్పుడు ఎన్ని, దూరంగా ఉన్నప్పుడు ఎన్ని అని విడివిడిగా లెక్కపెట్టండి.