నాయినమ్మ "గద"కు ఇంగ్లిష్ ఎలా?

హనుమకొండలో మా నాయినమ్మ చెప్పిన పాత ముచ్చట్లు వీడియో తీసి, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ రాస్తున్న. ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయిన.

"మీ తాత మేడారం పోతనని పోయిండు గద, ఆ ఏడాదే బాయి తవ్విచ్చినం."

"పోతనని"లో సగం చిక్కు తీరింది. "పోతను" తాత మాట, అందుకే క్రియ చివర "నేను" గుర్తు ఉంది. "ఐ" అని రాస్తే నాయినమ్మే పోయినట్టవుతది. అందుకని "సేయింగ్ హి వాజ్ గోయింగ్ టు మేడారం" అని పెట్టిన.

అసలు టెన్షన్ "గద"తోనే. "బువ్వ తిన్నవ్ గద?" అంటే అది నిజంగా అడగడమే, "హావెన్ట్ యు?" సరిపోతది. ఇక్కడ మాత్రం "డిడన్ట్ హి?" అని ముందు రాసి కొట్టేసిన. అప్పటికి నేను పుట్టనే లేదు, నన్నేం అడుగుతది? ఇది తెలిసిన సంగతిలా ఎత్తుకొని, అసలు ముచ్చటకు దారి తీసే "గద". "రైట్?" పెడితే నాయినమ్మ కాలేజీ పిల్లలా వినిపిస్తది.

ఇప్పటికి "యు నో హౌ" అని వాక్యం మొదట్లో పెట్టిన. ఇది నడుస్తదా? లేక ఇలాంటి "గద"ను వదిలేసి, "ద ఇయర్ యువర్ గ్రాండ్‌ఫాదర్..." అని ఎత్తుకోవాల్నా? సబ్‌టైటిల్స్ రాసినవాళ్లు చెప్పండి.