అప్‌డేట్: మా కవితా గోష్ఠిలో వంతుల గొడవ

నా ప్రశ్న: "ఎనిమిది మందిమి. ముందు చదివినవాళ్లకే సమయమంతా అయిపోతోంది. చివరివాళ్లకి 'బాగుంది' అన్న ముక్కే దక్కుతోంది. ఏం చేయాలి?"

ఇప్పుడు ఒక్కోసారి నలుగురే చదువుతున్నారు, మనిషికి 15 నిమిషాలు. మిగతావాళ్ల వంతు వచ్చేసారి. కవితను కవి ఒకసారి, వేరొకరు ఒకసారి చదువుతారు. నా మటుకు అసలు మందు ఇదే. ఆ రెండో గొంతు తడబడిన చోట లయ తెగిందేమోనని కవికే అనుమానం వస్తుంది. తర్వాత చర్చ అయ్యేదాకా కవి నోరు విప్పకూడదు.

మొన్న ఒకావిడ వాన కవిత "ఒంటరితనమంటే ఇంతే" అని ముగిసింది. "ఆరని చీర దగ్గరే నాకు అర్థమైపోయిందండీ, ఆ తర్వాతది వివరణలా అనిపించింది" అన్నారొకరు. ఆవిడ అక్కడికక్కడే ఆ పాదం కొట్టేశారు. "ఇలా మార్చండి" అనడం మాత్రం నిషేధం, కవి అడిగితే తప్ప.

టైమర్ అందరికంటే ఎక్కువ మాట్లాడే ఆయన చేతికే ఇచ్చాం!