మంచి ఫాంటే వాడినా పోస్టర్ శీర్షిక ఎందుకు తేలిపోతోంది?

విశాఖపట్నంలో జరగబోయే ఏటికొప్పాక లక్కబొమ్మల ప్రదర్శన కోసం ఏ3 సైజులో పోస్టర్ తయారుచేస్తున్నాను. శీర్షికను రామభద్ర ఫాంటులో 60 పాయింట్లకు పెట్టాను. తేదీ, వేదిక కూడా అదే ఫాంటులో, అదే ఎరుపులో 48 పాయింట్లకు ఉన్నాయి. ప్రింటు తీసి గోడకు అంటించి, పది అడుగుల దూరం నుంచి కళ్లు సగం మూసి చూస్తే అంతా ఒకే ముద్దగా కనిపించింది.

ఫాంటు మూడుసార్లు మార్చాను, అక్షరాలకు నీడ కూడా పెట్టాను (అది అచ్చం పెళ్లిపత్రికలా తయారైంది), అయినా ఫలితం లేకపోయింది. చివరికి శీర్షికను ముట్టుకోకుండా, తేదీ, వేదికలను మాత్రం 24 పాయింట్ల మండలి ఫాంటులోకి, నలుపులోకి మార్చితే అవే 60 పాయింట్ల అక్షరాలు ఒక్కసారిగా పెద్దవైనట్టు అనిపించాయి. లోపం ఫాంటులో కాదని, ముఖ్యమైనదానికీ కానిదానికీ మధ్య తేడా చాలకపోవడమేనని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు మిగిలిన చిక్కు శీర్షికలోనే ఉంది. ‘ఏటికొప్పాక’ కింద ‘లక్కబొమ్మలు’ వస్తుంది. వరుసల ఎడం తగ్గిస్తే పై వరుసలోని ప వత్తు కింది వరుసలోని అక్షరాల తలకు తగులుతోంది. పెంచితే శీర్షిక రెండు ముక్కలై మళ్లీ బలహీనపడుతోంది. ఎడం పెంచినా రెండు వరుసలూ ఒకే శీర్షికగా చదివించాలంటే చుట్టూ ఖాళీ పెంచాలా, లేక ఒక వరుసను చిన్నది చేయాలా?