మెథడ్స్ నుంచి ప్రశ్నలు: చెక్‌లిస్టు పట్టుకోవాలా, పక్కన పెట్టాలా?

హారిక, జనరల్ మెడిసిన్ పీజీ

వచ్చే వారం జర్నల్ క్లబ్‌లో నా వంతు. పేపర్ కోవిడ్ రోగులపై బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ వారి డెక్సామెథసోన్ స్టెరాయిడ్ ఫలితాలది. మా విభాగంలో కన్సార్ట్ చెక్‌లిస్టు వరుసగా చదివి, ‘ఉంది, లేదు’ అని టిక్కులు పెట్టి ముగిస్తాం. ఎవరూ నోరు విప్పరు. ఈసారి మెథడ్స్ భాగం నుంచే అందరినీ ఆలోచింపజేసే ప్రశ్నలు తయారు చేయాలని ఉంది. చెక్‌లిస్టు వదిలేయవచ్చా? ప్రశ్నలు ఎలా పుట్టించాలి?

ప్రవీణ్, అసిస్టెంట్ ప్రొఫెసర్

వదిలేయకండి. చెక్‌లిస్టు లేకపోతే జూనియర్లు అసలైనవే మరచిపోతారు. ఈ పేపర్‌కు మొదటి ప్రశ్న తయారుగానే ఉంది: ప్లాసిబో లేదు, బ్లైండింగ్ లేదు. ఎవరికి ఏ మందు వెళ్తోందో డాక్టరుకూ తెలుసు, రోగికీ తెలుసు. అక్కడితోనే ఫలితం మీద నమ్మకం సగం పోతుంది. ఆ ఒక్క మాట మీద గంటసేపు చర్చ నడపవచ్చు.

రమాదేవి, పల్మనాలజీ

ప్రవీణ్ గారూ, మీరు పట్టుకున్న చోటు సరైనదే, కానీ అక్కడే ఆగిపోయారు. హారిక గారూ, కన్సార్ట్ పుట్టింది పేపరులో ఏమేమి రాయాలో రచయితలకు చెప్పడానికి. ఒక విషయం రాశారా లేదా అన్నదే అది చూస్తుంది. రాసిన పద్ధతి ఫలితాన్ని ఎటు లాగుతుందో అది చెప్పదు. మీ గదిలో ఎవరూ మాట్లాడకపోవడానికి కారణం అదే. ‘బ్లైండింగ్ ఉందా’ అంటే ‘లేదు’ అని జవాబు వస్తుంది, ఇంకేముంది మాట్లాడటానికి?

నేను మెథడ్స్‌లోని ఒక్కో వాక్యాన్ని తీసుకుని ఒకటే అడుగుతాను: ఇది మరోలా చేసి ఉంటే, ఫలితాల్లోని ఏ అంకె, ఏ వైపు కదిలేది? జవాబు రానివి పక్కన పెట్టేస్తాను.

బ్లైండింగ్ మీదే ఇది ప్రయోగించి చూడండి. ఈ ట్రయల్‌లో ప్రధాన ఫలితం 28 రోజుల్లో మరణం. రోగి చనిపోయారా లేదా అన్నది డాక్టరు అభిప్రాయం మీద ఆధారపడదు. కాబట్టి ఆ అంకెను నమోదు చేయడంలో పక్షపాతానికి చోటు చాలా తక్కువ. కానీ ద్వితీయ ఫలితాల్లో ఒకటి, అప్పటికి వెంటిలేటర్ మీద లేనివారిలో వెంటిలేటర్ అవసరం పడటం లేదా మరణం. గొట్టం ఎప్పుడు వేయాలన్నది డాక్టరు నిర్ణయం. మందు అందుతోందని తెలిసిన డాక్టరు ఇంకొక రోజు ఆగి చూస్తే? అప్పుడు ప్రశ్న ఇలా మారుతుంది: ‘మందు వివరం దాచకపోవడం వల్ల ఈ రెండు ఫలితాల్లో ఏది ఎక్కువ దెబ్బతింటుంది, ఎందుకు?’ దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పి కూర్చోలేరు.

శ్రీకాంత్

మేడమ్, నాది కమ్యూనిటీ మెడిసిన్ థీసిస్. మెథడ్స్‌లో శాంపిల్ సైజు ఫార్ములా పూర్తిగా రాయమన్నారు మా గైడు. వైవాలో దాని మీదే ప్రశ్నలు వస్తాయట. ఇలాగే తయారవ్వాలా?

రమాదేవి, పల్మనాలజీ

శ్రీకాంత్ గారూ, ఇక్కడ మాట్లాడుకుంటున్నది ఇతరుల మెథడ్స్ చదవడం గురించి, మీరు రాయడం గురించి కాదు. అయినా శాంపిల్ సైజు మంచి ఉదాహరణే. రికవరీలో ఎంతమంది కావాలో మొదట్లో నిర్ణయించలేదు, ఎందుకంటే ఆ రోగంలో మరణాల రేటు ఎంతో అప్పటికి ఎవరికీ సరిగా తెలియదు. తరువాత, 28 రోజుల మరణాలు 20 శాతం ఉంటే, 4 శాతం పాయింట్ల తేడాను పట్టుకోవడానికి మందు వైపు 2000 మంది చాలునని లెక్క కట్టారు. మరి మధ్యలో లెక్క కట్టినవారికి అప్పటికే ఫలితాలు తెలుసా, తెలియదా? అదే అక్కడ అడగవలసింది. మీ వైవాలో కూడా ఫార్ములా కన్నా, అందులో పెట్టిన 20 శాతం లాంటి ఊహ ఎక్కడి నుంచి వచ్చిందని అడిగేవారే ఎక్కువ.

నాగేశ్వరరావు, బయోస్టాటిస్టిక్స్

హారిక గారికి ఇంకొక వాక్యం చూపిస్తాను. నాకు ఈ పేపరులో అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. మరణాలు మందు తీసుకున్న 2104 మందిలో 22.9 శాతం, మామూలు చికిత్సలో ఉన్న 4321 మందిలో 25.7 శాతం. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.89. పేపరులో రేటు నిష్పత్తి మాత్రం 0.83. ఈ తేడా ఎక్కడిది?

జవాబు మెథడ్స్‌లోనే ఉంది. ర్యాండమైజేషన్ చేసినా, మందు వైపువారి సగటు వయసు 1.1 ఏళ్లు ఎక్కువ వచ్చింది. అందుకని 70 లోపు, 70 నుంచి 79, 80 పైన అని మూడు భాగాలు చేసి వయసును సర్దుబాటు చేశారు. ఈ సర్దుబాటు మొదటి విశ్లేషణ ప్రణాళికలో లేదు. వయసులో తేడా బయటపడ్డాక చేర్చామని వాళ్లే రాశారు. 0.89కీ 0.83కీ మధ్య కొంత భాగం, రేటు నిష్పత్తి మరణం ఎప్పుడు జరిగిందో కూడా లెక్కలోకి తీసుకోవడం వల్ల వచ్చింది. ఎక్కువ భాగం వయసుదే.

గదిలో మొదట బోర్డు మీద రెండు శాతాలు రాసి భాగించమనండి. ఆ తరువాతే 0.83 చూపించండి. ‘వయసు తేడా చూశాక చేర్చిన సర్దుబాటును నమ్మాలా?’ అని అడగండి. నా మటుకు నమ్ముతాను. కోవిడ్‌లో వయసు మరణాన్ని ఎంత శాసిస్తుందో తెలిసిందే, సర్దుబాటు చేయని లెక్కనూ అనుబంధంలో ఇచ్చారు. కానీ నమ్మని విద్యార్థి ఉంటే అతన్ని మాట్లాడనివ్వండి.

ప్రవీణ్, అసిస్టెంట్ ప్రొఫెసర్

నేను దీనికి ఒప్పుకోను సర్. ముందే రాసిన ప్రణాళిక మార్చడం ఎప్పుడూ అనుమానించవలసిన విషయమే. కారణం ఎంత మంచిదైనా, మార్చాక ప్రభావం బలంగా కనిపించింది కదా. అదీగాక, చెక్‌లిస్టులో ‘ప్రణాళికలో మార్పులు, వాటి కారణాలు’ అన్న గడి ఉంది కాబట్టే మా విద్యార్థులు ఆ వాక్యం దగ్గర ఆగుతారు. లేకపోతే దాటిపోయేవారు.

నాగేశ్వరరావు, బయోస్టాటిస్టిక్స్

ఆగుతారు, నిజమే. ఆగాక టిక్కు పెట్టి ముందుకు వెళ్లిపోతారనేదే నా బాధ.

రమాదేవి, పల్మనాలజీ

ఇంకొకటి, మన వార్డులకు సంబంధించినది. ట్రయల్‌లో చేరిన 11,303 మందిలో 9355 మందే ఈ మందుకు అర్హులయ్యారు. మిగిలినవారికి ఆ ఆసుపత్రిలో మందు లేకపోవడమో, స్టెరాయిడ్ తప్పక ఇవ్వాలనో అసలు ఇవ్వకూడదనో డాక్టరు భావించడమో కారణం. ఇది ర్యాండమైజేషన్‌ను పాడు చేయదు, ఎందుకంటే అది దానికి ముందే జరిగింది. పాడయ్యేది మనం ఫలితాన్ని ఎవరికి వర్తింపజేస్తామన్నది. చక్కెర అదుపులో లేని రోగిని బ్రిటన్‌లోని డాక్టరు ‘వద్దు’ అని పక్కన పెట్టి ఉంటే, మన వార్డులో అలాంటి రోగి గురించి ఈ ట్రయల్ ఎంతవరకు చెప్పగలదు? 2021లో స్టెరాయిడ్లు వాడిన చక్కెర రోగుల్లో మ్యూకోర్‌మైకోసిస్, అంటే బ్లాక్ ఫంగస్, కేసులు చూసినవారు ఈ ప్రశ్నను ఊరికే వదలరు.

‘ర్యాండమైజేషన్ సమయానికి’ అన్న మాటనూ వదలకండి. ఆక్సిజన్ అవసరాన్ని బట్టి చేసిన విభజన ఆ క్షణం నాటిది. మందు మొదలయ్యాక విభజించి ఉంటే, ఎవరు ఏ గుంపులోకి వెళ్లారన్నదాన్ని మందే మార్చేసి ఉండేది. ఆక్సిజన్ అవసరం లేనివారిలో మరణాలు మందు వైపు 17.8, మరో వైపు 14 శాతం. అక్కడ మేలు కనబడలేదు. అయినా మన దగ్గర ఇంట్లో ఉన్నవారు కూడా ఆ మాత్రలు మింగారు.

హారిక, జనరల్ మెడిసిన్ పీజీ

మేడమ్, సర్, చాలా ఉపయోగపడింది. ప్రశ్నలు నాలుగే ఉంచుతాను: బ్లైండింగ్, వయసు, అర్హులు కానివారు, ఆక్సిజన్ విభజన. మెథడ్స్ పేజీలు మాత్రమే రెండు రోజుల ముందు పంచి, ఫలితాలు ఆ రోజే ఇద్దామనుకుంటున్నాను. ప్రశ్నలు కూడా ముందే ఇవ్వనా?

ప్రవీణ్, అసిస్టెంట్ ప్రొఫెసర్

ఇవ్వండి. సిద్ధపడి రాకపోతే మళ్లీ మౌనమే. పైగా ఈ ట్రయల్ ఫలితం తెలియని పీజీ ఎక్కడున్నారు? దాచి లాభం లేదు.

నాగేశ్వరరావు, బయోస్టాటిస్టిక్స్

డెక్సామెథసోన్ పనిచేసిందని అందరికీ తెలుసు, 0.89 సంగతి చాలామందికి తెలియదు. వయసు ప్రశ్న మాత్రం ముందే ఇవ్వకండి. మిగతా మూడూ మీ ఇష్టం.