చైనా సప్లయర్‌కి అడ్వాన్స్: లెటర్‌లో బ్యాంకు ఛార్జీల మాట ఎలా రాయాలి?

మిర్చి_గుంటూరు: కారం పొడి ప్యాకింగ్ మెషిన్ గ్వాంగ్‌జౌ నుంచి తెప్పిస్తున్నాం. ధర 12,000 డాలర్లు. 30 శాతం, అంటే 3,600 ముందు పంపుతాం. మిగతా 8,400, మన పొడితోనే మెషిన్ నడిపి వీడియో చూపించాక. ఈ సంగతులు లెటర్‌లో రాసి, చివర "బ్యాంకు ఛార్జీలు ఇద్దరం భరిద్దాం" అని పెట్టాను. సరిపోతుందా? పోయినసారి ఇలాగే రాస్తే 25 డాలర్లు తక్కువ చేరాయని తొమ్మిది రోజులు పనే మొదలుపెట్టలేదు. ఆ టెన్షన్ మళ్లీ వద్దు.

విజయ్_ట్రేడర్: బ్యాంకు ఫారంలో ఛార్జీల దగ్గర `OUR` పెట్టు అన్నా. ఖర్చంతా మనదే, అవతలికి పైసా తగ్గదు.

ఫారెక్స్_డెస్క్: సగం కరెక్టే. `OUR`లో దారిలో ఉన్న బ్యాంకు ఖర్చు మనమే కడతాం. అయినా డబ్బు జమ చేసే బ్యాంకు తన ఫీజు కోసుకోవడం నేను చూశాను. "ఇద్దరం" అంటే మధ్య బ్యాంకు ఎవరి లెక్కలోకి వస్తుందో తెలియదు, గొడవంతా అక్కడే. ఇలా రాయండి: "భారత్‌లోని మా బ్యాంకు ఛార్జీలు మావి. బయటి ఛార్జీలు మీవి. వాటివల్ల తగ్గిన మొత్తాన్ని బాకీగా చూడకుండా 3,600 పూర్తిగా అందినట్టే లెక్కవేయాలి." అప్పుడు ఫారంలో `SHA` టిక్ చేయాలి. లెటర్‌లో ఒకటి, ఫారంలో ఒకటి ఉంటే మళ్లీ మొదటికే.

రొయ్యలు_భీమవరం: నాకూ అమెరికా బయ్యర్ నుంచి ప్రతిసారీ తక్కువే వస్తోంది. ఎవరిని అడగాలి?

ఫారెక్స్_డెస్క్: మీది ఎగుమతి సార్, వేరే పోస్ట్ పెట్టండి, చూస్తాను. గుంటూరు గారూ, ప్రొఫార్మా వచ్చిందా? ఖాతా ఎవరి పేరు మీద ఉంది?

మిర్చి_గుంటూరు: వచ్చింది. పైన గ్వాంగ్‌జౌ ఫ్యాక్టరీ పేరు, కింద హాంకాంగ్‌లో ఇంకో కంపెనీ ఖాతా. తమ గ్రూపే అంటున్నాడు.

ఫారెక్స్_డెస్క్: ఆగండి. నిజమే కావచ్చు, కానీ డబ్బు ఫలానా కంపెనీకి చెల్లించాలని ఇన్‌వాయిస్‌లోనే రాసి ఉండాలి, లేకపోతే మన బ్యాంకు ఆపుతుంది. ఖాతా నంబర్‌ను మెయిల్‌లో కాకుండా, మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబర్‌కి ఫోన్ చేసి చదివించుకోండి. మెయిల్ హ్యాక్ చేసి ఖాతా మార్చేసే మోసాలు ఇలా డబ్బు పంపే వేళే జరుగుతాయి.

లక్ష్మి_ప్యాకేజింగ్: మెషిన్ మోడల్, వోల్టేజ్ కూడా ప్రొఫార్మాలో రాయించుకోండి. మాకు వీడియోలో చూపింది ఒకటి, వచ్చింది ఒకటి. ఆ 70 శాతం వీడియోకి కాకుండా బిల్ ఆఫ్ లేడింగ్ కాపీ చూశాక ఇస్తామని అడగండి.

విజయ్_ట్రేడర్: మొదటి ఆర్డర్‌కి ఎవరూ ఒప్పుకోరు మేడమ్.

లక్ష్మి_ప్యాకేజింగ్: మాకు ఒప్పుకున్నారు, అడ్వాన్స్ 40కి పెంచాక.

మిర్చి_గుంటూరు: ఫోన్ చేశాను. చదివిన నంబర్, ప్రొఫార్మాలోది ఒకటే. హాంకాంగ్ లైన్‌తో కొత్త ప్రొఫార్మా అడిగాను. ఛార్జీల వాక్యానికి సరే అన్నాడు. 40 మాట ఇంకా తేలలేదు.