అక్క జాకెట్టులో ఉన్నవి డాట్లా, ప్రిన్సెస్ కట్టా?

హైదరాబాద్‌లో ఉంటాను, ఈ మధ్యే కుట్టు నేర్చుకుంటున్నాను. అక్క పోచంపల్లి ఇక్కత్ జాకెట్టు నాకు అచ్చంగా సరిపోతుంది. అలాంటిదే కుట్టుకోవాలి. లోపల లైనింగు మూసి కుట్టేశారు, విప్పితే అక్క ఊరుకోదు. కాబట్టి బయటి నుంచే పోల్చుకోవాలి.

చంక దగ్గర మొదలైన గీత వంపు తిరిగి ఛాతీ మీదుగా నడుము అంచు దాకా దిగుతుంది. దూరం నుంచి ప్రిన్సెస్ కట్టే. ఆ కట్టులో రెండు వేర్వేరు ముక్కలు కలుస్తాయి కనుక గీత ఒక అంచు నుంచి ఇంకో అంచు వరకు ఎక్కడా తెగదని నాకు తెలుసు. డాటు అయితే గుడ్డ మధ్యలోనే మొన తేలి ఆగిపోతుంది.

చిక్కు ఇక్కడే. ఛాతీ ఉబ్బు దగ్గర సుమారు అంగుళం మేర గీత మాయమవుతుంది, అక్కడ ఇక్కత్ డైమండ్లు చెక్కుచెదరకుండా ఉన్నాయి. పైనా కిందా మాత్రం సగానికి తెగాయి. ఆ ఖాళీకి రెండు వైపులా చిన్న సొట్ట. కుచ్చులు కావు, ఎక్కడా ముడతలు లేవు.

చంక నుంచి ఒక డాటు, నడుము నుంచి ఒకటి ఎదురెదురుగా వేశారని నా అనుమానం. నిజమేనా? అయితే ముందు భాగం ఒకే ముక్కగా కత్తిరించాలా?